పది హర్డిల్సే, మరి ఎత్తులో ఎందుకింత తేడా?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అండర్-18లో 100 మీటర్ల హర్డిల్స్ ప్రాక్టీస్ చేస్తున్నాను. మా అన్నయ్య కూడా అండర్-18లోనే 110 మీటర్ల హర్డిల్స్ పరుగెడతాడు. నా హర్డిల్స్ తన నడుము దాకా కూడా రావని, నా దూరం కూడా తక్కువేనని రోజూ ఏడిపిస్తాడు. బాస్కెట్‌బాల్‌లో కూడా మాకు చిన్న బంతే ఇస్తారు. ఆడపిల్లలకు శక్తి తక్కువనేనా ఇదంతా? నేను అన్నయ్య హర్డిల్స్ మీదే ప్రాక్టీస్ చేస్తే ఇంకా మెరుగవుతానా? నా ఎత్తు 160 సెంటీమీటర్లు, అన్నయ్యది 172.
– ఒక విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: అమ్మా, మీ ఇద్దరి ఎత్తులూ రాసి మంచి పని చేశావు. జవాబులో సగం ఆ రెండు అంకెల్లోనే ఉంది.

ముందు దూరం సంగతి చూద్దాం. నీ పందెంలో 10 హర్డిల్స్, మీ అన్నయ్య పందెంలోనూ 10. తేడా వాటి మధ్య ఉన్న జాగాలో ఉంది. నీకు ఒక హర్డిల్ నుంచి ఇంకో హర్డిల్‌కి 8.50 మీటర్లు, అతనికి 9.14. పరుగు మొదలుపెట్టే బ్లాక్స్ నుంచి మొదటి హర్డిల్‌కి నీకు 13 మీటర్లు, అతనికి 13.72. చివరి హర్డిల్ దాటాక నీకు 10.50 మీటర్లు, అతనికి 14.02. ఇవన్నీ కూడితే ఒకటి 100 అవుతుంది, ఇంకోటి 110 అవుతుంది. అంటే ఆడపిల్లలు 110 మీటర్లు పరుగెత్తలేరని ఎవరూ పది మీటర్లు కోసెయ్యలేదు. మధ్య జాగాను బట్టే మొత్తం దూరం వచ్చింది.

మరి ఆ జాగా ఎందుకు తగ్గింది? హర్డిల్స్ అంటే దూకే పందెం కాదు, పరుగు పందెం. రెండు హర్డిల్స్ మధ్య సరిగ్గా మూడు అడుగులే వెయ్యాలి. మూడే ఎందుకంటే, మూడు వేస్తే ప్రతి హర్డిల్ దగ్గరా ఒకే కాలు ముందుకు వస్తుంది, వేగం కూడా తెగదు. నాలుగు వేస్తే కాలు మారిపోతుంది. ఐదు వేస్తే పరుగు కాస్తా చిన్నచిన్న అడుగుల గునగున నడక అయిపోతుంది.

నీ లెక్కే చేసి చూద్దాం. హర్డిల్‌కి సుమారు రెండు మీటర్ల ముందు నువ్వు గాల్లోకి లేస్తావు, దాటాక సుమారు మీటరు దూరంలో దిగుతావు. 8.50లో ఆ మూడు మీటర్లు తీసేస్తే 5.50 మిగులుతుంది. మూడు అడుగులకు పంచితే ఒక్కో అడుగు సుమారు 1.83 మీటర్లు. నిజానికి ఆ మూడూ సమానంగా ఉండవు. దిగగానే వేసే మొదటి అడుగు పొట్టిది, రెండోది అన్నిటికంటే పొడుగు, మూడోది మళ్ళీ కొంచెం తగ్గుతుంది. అయినా సగటు అదే. నీ ఎత్తు అమ్మాయి వేగంగా పరుగెడుతూ వెయ్యగలిగిన అడుగే అది.

ఇప్పుడు నిన్ను మీ అన్నయ్య లేన్‌లో నిలబెడదాం. 9.14లో మూడు మీటర్లు తీసేస్తే 6.14 మిగులుతుంది. అడుగుకి 2.05 మీటర్లు పడతాయి. మొదటి రెండు మూడు హర్డిల్స్ దాకా ఎలాగో సాగదీస్తావేమో. ఆ తర్వాత కాలు శరీరానికి బాగా ముందు పడి, ప్రతి అడుగూ బ్రేకులా పని చేస్తుంది. నాలుగో హర్డిల్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు అడుగులు వెయ్యక తప్పదు. అప్పుడు ఒక్కోటి మీటరున్నరకు పడిపోతుంది. ఇక అది నువ్వు నేర్చుకున్న పందెం కాదు.

నీ ఎత్తు 160, అతనిది 172. అంటే నువ్వు అతనికంటే 7 శాతం పొట్టి. పెద్దవాళ్ళలో ఆడవాళ్ళ సగటు ఎత్తుకీ, మగవాళ్ళ సగటు ఎత్తుకీ ఉన్న తేడా కూడా దాదాపు ఇంతే. 9.14తో పోలిస్తే 8.50 ఎంత తక్కువ? అదీ 7 శాతమే. మధ్య జాగా శరీరం కొలతకు సరిగ్గా తగ్గట్టుందన్నమాట. దీనికి ఇంకో రుజువుంది. ఒక హర్డిల్ దాటి పాదం నేలను తాకిన క్షణం నుంచి తర్వాతి హర్డిల్ దాటి మళ్ళీ తాకే క్షణం వరకు పట్టే సమయాన్ని కోచ్‌లు ప్రతి పందెంలోనూ కొలుస్తారు. ప్రపంచ స్థాయిలో అది మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఇంచుమించు ఒక సెకనే. జాగాలు వేరైనా లయ ఒకటే.

400 మీటర్ల హర్డిల్స్ చూస్తే ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. అక్కడ దూరం ఇద్దరికీ ఒకటే, హర్డిల్స్ మధ్య జాగా కూడా ఇద్దరికీ 35 మీటర్లే. ఎందుకంటే అంత పొడుగు జాగాలో ఎవరి కాళ్ళకు సరిపోయే లెక్క వాళ్ళు ఎంచుకోవచ్చు. మేటి మగవాళ్ళు 13 అడుగులు వేస్తే, ఆడవాళ్ళు 14 గానీ 15 గానీ వేస్తారు. మూడు అడుగుల కట్టుబాటు లేని చోట జాగా తగ్గించాల్సిన అవసరమే రాలేదు. 1984 లాస్ ఏంజెలెస్‌లో ఆడవాళ్ళ 400 మీటర్ల హర్డిల్స్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారు. మన పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న పందెం అదే. అందులో ఆమె పరుగెత్తిన దూరం మగవాళ్ళ దూరమే.

ఇక ఎత్తు. ఇక్కడ మీ అన్నయ్య మాటలో కొంత నిజం ఉంది. అది నువ్వూ తెలుసుకోవాలి.

మీ అండర్-18లో అబ్బాయిలకు 91.4 సెంటీమీటర్లు, అమ్మాయిలకు 76.2. పెద్దవాళ్ళలో మగవాళ్ళకు 106.7, ఆడవాళ్ళకు 83.8. జాగాను తగ్గించినట్టే ఎత్తునూ 7 శాతం తగ్గించి ఉంటే ఆడవాళ్ళ హర్డిల్ దాదాపు 99 సెంటీమీటర్లు ఉండాలి. కానీ 21 శాతానికి పైగా తగ్గించారు. నీ విషయంలో చూస్తే 91.4లో 7 శాతం తీసేస్తే 85 వస్తుంది, నీకు పెట్టింది 76.2. కాబట్టి శరీరం కొలత ఒక్కటే చెప్పి ఈ తేడాను సమర్థించలేం.

దీని ప్రభావం ఎక్కడ కనిపిస్తుందో చెబుతాను. నిలబడినప్పుడు మన శరీర బరువుకి కేంద్రం బొడ్డుకి కాస్త కింద, మొత్తం ఎత్తులో సుమారు 55, 56 శాతం దగ్గర ఉంటుంది. 185 సెంటీమీటర్ల మగ హర్డ్లర్‌కి అది 103 దగ్గర ఉంటే, అతని ముందున్న హర్డిల్ 106.7. కేంద్రం కంటే హర్డిలే ఎత్తు. కాబట్టి ప్రతిసారీ శరీరాన్ని పైకి ఎత్తాలి, ఛాతీని తొడ మీదికి వంచాలి, వెనక కాలిని పక్కకు మడిచి తిప్పాలి. 168 సెంటీమీటర్ల మహిళకి కేంద్రం 92 దగ్గర ఉంటే, హర్డిల్ 83.8. కేంద్రం కంటే దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు కిందే ఉంది. ఆమె అంతగా పైకి లేవనక్కర్లేదు, పరుగు వేగాన్ని దాదాపు అలాగే ముందుకు తీసుకుపోవచ్చు. అందుకే ఆడవాళ్ళ పందెంలో హర్డిల్ దాటే నైపుణ్యం కంటే ఉత్త పరుగు వేగానికి ఎక్కువ విలువ వస్తోందని చాలామంది కోచ్‌ల ఫిర్యాదు.

ఆ ఫిర్యాదులో పస ఉందని చరిత్ర చూస్తే అనిపిస్తుంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో నెదర్లాండ్స్ క్రీడాకారిణి ఫానీ బ్లాంకర్స్-కోయెన్ 100 మీటర్లు, 200 మీటర్లు, 80 మీటర్ల హర్డిల్స్, రిలే నాలుగూ గెలిచింది. 1992 బార్సిలోనాలో అమెరికా అమ్మాయి గెయిల్ డీవర్స్ 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. హర్డిల్స్ ఫైనల్లోనూ ముందంజలో ఉండి, పదో హర్డిల్‌ను తన్ని తూలిపోయి ఐదో స్థానంలో లైను దాటింది. మగవాళ్ళలో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం, హర్డిల్స్ స్వర్ణం రెండూ ఉన్నవాడు హారిసన్ డిల్లార్డ్ ఒక్కడే. అవి కూడా ఒకే ఒలింపిక్స్‌లో కాదు, 1948లో ఒకటి, 1952లో ఇంకోటి.

మరి ఈ ఎత్తులు ఎలా వచ్చాయి? మగవాళ్ళ కొలత కూడా శరీర శాస్త్రం చూసి పెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో గొర్రెల మందల్ని ఆపడానికి వాడే కర్ర దడుల మీదుగా దూకడంతో ఈ ఆట మొదలైంది. ఆ దడి ఎత్తు మూడున్నర అడుగులు, అంటే 106.7 సెంటీమీటర్లు. దడికీ దడికీ మధ్య 10 గజాలు, అంటే 9.14 మీటర్లు. ఆ గజాల లెక్కనే మీటర్లలోకి మార్చి ఇప్పటికీ వాడుతున్నాం.

ఆడవాళ్ళకు 1932లో 80 మీటర్ల హర్డిల్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఎనిమిదే హర్డిల్స్, మధ్య జాగా 8 మీటర్లు, ఎత్తు రెండున్నర అడుగులు. ఆ కాలంలో ఆడవాళ్ళ పరుగు మీద భయాలు చాలా ఉండేవి. 1928లో ఆడవాళ్ళ 800 మీటర్ల పందెం చివర కొందరు అలసిపోతే, అది ఆడవాళ్ళ ఒంటికి పడదని ఒలింపిక్స్ నుంచే తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. 80 మీటర్ల హర్డిల్స్ కొలతలు అలాంటి రోజుల్లో పుట్టినవి. క్రమంగా పొడుగు అమ్మాయిలు, వేగంగా పరుగెత్తే అమ్మాయిలు వచ్చేసరికి 8 మీటర్ల జాగా ఇరుకైంది, అడుగులు కుదించుకోవాల్సి వచ్చింది. అందుకని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నుంచి 100 మీటర్లు చేసి, హర్డిల్స్‌ను పదికి, జాగాను 8.50కి, ఎత్తును 83.8కి పెంచారు. మీ అన్నయ్యకు ఒక మాట చెప్పు: ఇప్పుడు నువ్వు దాటే 76.2 సెంటీమీటర్ల హర్డిల్, 1968 దాకా ఒలింపిక్ విజేతలు దాటిన ఎత్తే.

1972 తర్వాత మాత్రం ఎత్తు మారలేదు. ఇంకా పెంచాలని వాదించేవాళ్ళు ఉన్నారు. నాకూ కొంచెం పెంచితే బాగుంటుందనే అనిపిస్తుంది. అయితే 99 సెంటీమీటర్లు అని పట్టుబట్టను. ఎత్తు తేడాతో పాటు కండ బలంలోనూ సగటున తేడా ఉంటుంది. అబ్బాయిలకు యుక్తవయసులో పెరిగే కండ అమ్మాయిలకు అంతగా పెరగదు. శరీరాన్ని పైకి ఎత్తడానికి కావలసింది ఆ బలమే. కాబట్టి న్యాయమైన ఎత్తు 84కీ 99కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మార్చడం సులువు కాకపోవడానికి కారణాలు కూడా కనిపిస్తూనే ఉన్నాయి. ఎత్తు మారిన రోజున పాత రికార్డులన్నీ వేరే పందెం రికార్డులైపోతాయి, హర్డిల్స్ కూడా ఉండే ఏడు పోటీల హెప్టాథ్లాన్ పాయింట్ల పట్టిక తిరగరాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి రోజే భయపడి ఆట మానేసే అమ్మాయిల సంఖ్య పెరగవచ్చు.

నువ్వు అడిగిన శక్తి విషయం కూడా దాచను. గుండు విసరడంలో మగవాళ్ళది 7.26 కిలోలు, ఆడవాళ్ళది 4 కిలోలు. ఆ తేడాకు కారణం నేరుగా బలమే. బరువు అలా మార్చాక ప్రపంచ రికార్డులు 23.56 మీటర్లు, 22.63 మీటర్లు అయ్యాయి. రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి చూశావా?

బంతి దగ్గర ముఖ్యమైనది చెయ్యి. హ్యాండ్‌బాల్‌లో బంతిని ఒక్క చేత్తో గట్టిగా పట్టుకుని విసరాలి. మగవాళ్ళ బంతి చుట్టుకొలత 58 నుంచి 60 సెంటీమీటర్లు, ఆడవాళ్ళది 54 నుంచి 56. బాస్కెట్‌బాల్‌లోనూ ఆడవాళ్ళకు 6వ సైజు, మగవాళ్ళకు 7వ సైజు. కానీ రింగు ఎత్తు మాత్రం ఇద్దరికీ 3.05 మీటర్లే. వాలీబాల్‌లో బంతిని పట్టుకునే పని లేదు, అరచేత్తో కొట్టడమే. అందుకే బంతి ఇద్దరికీ ఒకటే. అక్కడ నెట్ మీదుగా చెయ్యి లేవాలి గనక నెట్‌ను 2.43 నుంచి 2.24 మీటర్లకు దించారు. ఫుట్‌బాల్‌లో బంతీ, గోల్ పోస్టూ రెండూ ఒకటే. ఏ ఆటలోనైనా తేడా కనిపిస్తే, శరీరంలో ఏ భాగం ఆ పరికరానికి తగులుతోందో చూడు. కారణం అక్కడ దొరికితే సరే. దొరకకపోతే అది పాత అలవాటేమో అని అడగడంలో తప్పు లేదు. క్రాస్ కంట్రీ ప్రపంచ పోటీల్లో ఒకప్పుడు మగవాళ్ళకు 12 కిలోమీటర్లు, ఆడవాళ్ళకు 8 ఉండేవి. అలా అడగబట్టే 2017 నుంచి ఇద్దరికీ 10 చేశారు.

ఇక నీ ప్రాక్టీస్. అన్నయ్య హర్డిల్స్ అతని జాగాలోనే ఉంచి వాటి మీద పరుగెత్తకు. ఎత్తు, జాగా రెండూ ఒకేసారి పెరిగితే నీకు అలవడేది పరుగు కాదు, గెంతు. గెంతడం అలవాటైందో లేదో నీకే తెలుస్తుంది. హర్డిల్ మీద గాల్లో ఆగినట్టు అనిపిస్తుంది, దిగేటప్పుడు పాదం ముందు భాగం మీద కాక మడమ మీద దిగుతావు, దిగాక నడుము వెనక్కి వాలుతుంది. ఈ మూడింటిలో ఒకటి కనిపించినా ఆ రోజుకి ఎత్తు దించెయ్యి.

నీకు ఎలాగూ రెండేళ్ళలో 83.8కి వెళ్ళాల్సి ఉంటుంది. జాగా మారదు, ఎత్తు మాత్రం 7.6 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఈ ఎత్తుకు అలవాటు పడాలంటే, 83.8 పెట్టిన రోజు జాగాను 8 మీటర్లకో, అంతకంటే కాస్త తక్కువకో తగ్గించి, నాలుగైదు హర్డిల్స్ మాత్రమే పెట్టుకో. మూడు అడుగులు హాయిగా పడుతున్నాయనిపించాక జాగాను కొద్దికొద్దిగా 8.50 దాకా జరుపు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో 12.78 సెకన్లకు జాతీయ రికార్డు తెచ్చింది, అదే ఏడు ఆసియా ఛాంపియన్ అయింది. ఆమె పరుగెత్తింది ఈ 83.8 మీదే, ఈ 8.50 జాగాలోనే. అండర్-18 దాటాక నీ ముందుండే పందెం కూడా అదే.

గ్రౌండ్‌లో ఒకటి తప్పక చూసుకో. హర్డిల్ పాదాల దగ్గర జరిపే బరువులు ఉంటాయి. పై చట్రం ఎత్తు మార్చినప్పుడల్లా ఆ బరువుల్నీ ఆ ఎత్తు గుర్తు దగ్గరికి జరపాలి. పై కర్ర మధ్యలో సుమారు 3.6 నుంచి 4 కిలోల బలం తగిలితే హర్డిల్ పడిపోవాలన్నది నియమం. అబ్బాయిలు ప్రాక్టీస్ చేసి వెళ్ళాక ఎత్తు దించి, బరువులు జరపడం మరిచిపోతే కాలు తగిలినా హర్డిల్ పడదు, నువ్వే పడతావు. ప్రాక్టీస్ మొదలుపెట్టే ముందు ఒక్కోదాన్ని పై కర్ర మధ్యలో చేత్తో ముందుకు తోసి చూడు. మొరాయిస్తే సర్దు. టేపుతో మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు ఉందో లేదో కూడా కొలుచుకో. అది అరడుగు అటూఇటూ అయితే అక్కడి దాకా నువ్వు వేసే ఎనిమిది అడుగుల లెక్క మొదట్లోనే చెడుతుంది.

మీ అన్నయ్యతో పోటీ పడాలనే ఉంటే అతని హర్డిల్స్ ఎక్కక్కర్లేదు. ఎవరి లేన్‌లో వాళ్ళు, ఎవరి ఎత్తులో వాళ్ళు పూర్తి పందెం పరుగెత్తండి. ఎవరితోనైనా పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించండి. హర్డిల్ దాటి నేల తాకిన ప్రతి క్షణాన్నీ రాసుకుని, మధ్య సమయాలు లెక్కగట్టండి. మీ వయసులో మొదట్లో అవి ఒక సెకను మీద రెండు మూడు పదో వంతులు ఉంటాయి. అసలు చూడాల్సింది ఆరో హర్డిల్ తర్వాత. అలసటతో ఎవరి సమయం ఎంత పెరిగిందో, ఎవరి మూడు అడుగులు చివరి దాకా నిలిచాయో అక్కడ తేలిపోతుంది. ఆ తొమ్మిది అంకెలు ఇద్దరివీ పక్కపక్కన రాసి నాకు పంపు, ఎవరికి ఎక్కడ తగ్గుతోందో చూసి చెబుతాను.